కీళ్లు అరిగిన లాబ్రడార్‌కి ఫిష్ ఆయిల్, గ్లూకోసమైన్, ప్రోబయోటిక్: దేనికి డబ్బు పెట్టాలి, ఏది ఆపాలి

ప్రశ్న: మా రాకీ లాబ్రడార్, ఎనిమిదేళ్లు, 38 కిలోలు. రెండు నెలలుగా పొద్దున లేచేటప్పుడు వెనక కాళ్లు బిగుసుకుపోయి కుంటుతున్నాడు, కాసేపు తిరిగాక సర్దుకుంటున్నాడు. ఎక్స్‌రే తీసి తుంటి కీళ్లు అరిగాయన్నారు. పెట్ షాపులో గ్లూకోసమైన్ సిరప్, ఫిష్ ఆయిల్ మాత్రలు (రోజుకి రెండు), ప్రోబయోటిక్ పొడి ఇచ్చారు. నెలకి నాలుగు వేలవుతోంది. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఏది ఉంచాలి, ఏది మానాలి?

సమాధానం:

గ్లూకోసమైన్ సిరప్ మానేయండి. ప్రోబయోటిక్ రోజూ అక్కర్లేదు, విరేచనాలు పట్టినప్పుడు నాలుగైదు రోజులకి పనికొస్తుంది. ఫిష్ ఆయిల్ ఉంచండి. కానీ రోజుకి రెండు మాత్రలంటే, అవి మామూలు రకమైతే, కీళ్ల నొప్పికి కావలసిన దానిలో ఆరో వంతు కూడా అందడం లేదు. అంటే పనిచేసే వస్తువునే పనిచేయని మోతాదులో వాడుతున్నారన్నమాట. ఈ మూడింటికన్నా ముందు బరువు దగ్గర మొదలుపెట్టాలి. సాధారణ ఒడ్డూ పొడుగూ ఉన్న లాబ్రడార్‌కి 38 కిలోలు చాలా ఎక్కువ. 30 దగ్గర ఉండాల్సినవాడని అనుకుని లెక్కలు చెబుతాను. మీ డాక్టర్ గారు చేత్తో పక్కటెముకలు తడిమి చూసి వేరే అంకె చెబితే అదే తీసుకోండి.

ముందు ఫిష్ ఆయిల్ గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

చేప నూనెలో మందుగా పనిచేసేవి రెండే ఒమేగా 3 కొవ్వు ఆమ్లాలు: ఈపీఏ, డీహెచ్ఏ. ఇవి మెల్లమెల్లగా ఒంట్లోని కణాల పొరల్లోకి చేరి, అక్కడ వాపు పుట్టించే పదార్థాలకి ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం స్థానాన్ని కొంతవరకు ఆక్రమిస్తాయి. దాంతో కీలులో వాపూ నొప్పీ తగ్గుతాయి. పొరల్లో ఈ మార్పు జరగడానికి వారాలు పడుతుంది. అందుకే పది రోజులు వాడి "ఏమీ తేడా లేదండీ" అని ఆపేయడం తొందరపాటు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇస్తేనే దాన్ని పరీక్షించినట్టు. దీనికి కుక్కల మీద జరిగిన పరిశోధన గట్టిగానే ఉంది. 2010లో అమెరికాలో వచ్చిన ట్రయల్స్‌లో ఒమేగా 3 ఎక్కువగా ఉన్న ఆహారం తిన్న కుక్కలు నొప్పి ఉన్న కాలి మీద మునుపటికన్నా ఎక్కువ బరువు మోపాయి. ఆ బరువుని ఎవరో చూసి అంచనా వేయలేదు, నేలలో అమర్చిన కొలత పలక మీద నడిపించి కొలిచారు. మరో ట్రయల్‌లో అదే తరహా ఆహారం తిన్న కుక్కలకి నొప్పి మందు కార్ప్రొఫెన్ మోతాదుని త్వరగా తగ్గించగలిగారు.

మోతాదు లెక్క. కీళ్ల అరుగుదలకి పశువైద్యంలో వాడే లెక్క: కుక్క బరువుని 0.75 ఘాతానికి పెంచి, వచ్చిన అంకెని 310తో గుణించాలి. అన్ని మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ కలిపి రోజుకి అందాలి. ఘాతం అనగానే కంగారు పడకండి, ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. బరువుకి వర్గమూలం తీయండి. వచ్చిన దానికి మళ్లీ వర్గమూలం తీయండి. ఆ రెండు అంకెల్నీ గుణించండి. 30కి వర్గమూలం 5.48, దానికి వర్గమూలం 2.34, రెండింటి గుణకారం సుమారు 12.8. దాన్ని 310తో గుణిస్తే దాదాపు 4000 మిల్లీగ్రాములు. సురక్షితమైన గరిష్ఠ పరిమితి ఇదే లెక్కలో 370, అంటే రాకీకి సుమారు 4700. కావలసిన మోతాదుకీ దాటకూడని గీతకీ మధ్య దూరం తక్కువే కాబట్టి "ఇంకో రెండు వేద్దాం, ఏమవుతుందిలే" అనుకోవద్దు. లెక్కలో 38 కాకుండా ఉండాల్సిన బరువు, అంటే 30 తీసుకోండి. అదనపు కొవ్వుకి మందు పోయనక్కర్లేదు.

లేబుల్ చదవడం. సీసా ముందు వైపు పెద్ద అక్షరాలతో "1000 మిల్లీగ్రాములు" అని ఉంటుంది. అది మాత్రలోని మొత్తం నూనె బరువు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో చూడండి. మామూలు మాత్రల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, కలిపి 300 ఉంటుంది. మిగతా 700 ఉత్త కొవ్వే. ఈ రకంతో రాకీకి రోజుకి పదమూడు మాత్రలు కావాలి. రెండు మాత్రలంటే 600 మిల్లీగ్రాములు. గాఢత పెంచిన రకాల్లో అదే సైజు మాత్రలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 840 దాకా ఉంటాయి. అవైతే ఐదు చాలు. పెంపుడు జంతువుల కోసమని అమ్మే పంపు సీసాల్లో ఇంకో తికమక ఉంది: "ఒమేగా 3, 6, 9" మొత్తం కలిపి ఒక పెద్ద అంకె వేస్తారు. కోడి చర్మంలోనూ వంట నూనెలోనూ ఒమేగా 6, 9 కావలసినంత ఉన్నాయి, వాటికి డబ్బు పెట్టడం దండగ. ఈపీఏ ఇంత, డీహెచ్ఏ ఇంత అని విడివిడిగా రాయని సీసాని షెల్ఫులో తిరిగి పెట్టేయండి.

ధర పోల్చేటప్పుడు సీసా ధర చూడొద్దు, వెయ్యి మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏకి ఎంత పడుతోందో చూడండి. ఉదాహరణకి 600 రూపాయల సీసాలో 300 రకం మాత్రలు 60 ఉన్నాయనుకుందాం. మొత్తం 18,000 మిల్లీగ్రాములు, అంటే వెయ్యికి 33 రూపాయలు. 1500 రూపాయల సీసాలో 840 రకం 60 ఉంటే మొత్తం 50,400, వెయ్యికి 30 రూపాయలు. ఖరీదుగా కనిపించిందే చవకగా తేలింది. పైగా కొవ్వు కూడా తక్కువ. పదమూడు మాత్రలంటే పదమూడు గ్రాముల నూనె, దాదాపు 117 కేలరీలు. బరువు తగ్గించాల్సిన కుక్కకి అది అరకప్పు అన్నం అదనంగా పెట్టినట్టే. ఐదు మాత్రలైతే 45తో పోతుంది.

ఒక్కసారిగా పూర్తి మోతాదు మొదలుపెట్టకండి. 840 రకమైతే మొదటి వారం రోజుకి ఒకటి, రెండో వారం రెండు, మూడో వారం మూడు, నాలుగో వారం నుంచి ఐదు. మేతతో కలిపి, వీలైతే రెండు పూటలకి పంచి ఇవ్వండి. మలం పల్చబడితే ముందు వారపు మోతాదుకి వెళ్లి, ఇంకో వారం ఆగి మళ్లీ పెంచండి. రెండు మూడుసార్లు ప్రయత్నించినా పెంచలేకపోతే తట్టుకోగలిగిన చోటే ఆపండి. ఇంతకుముందు ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమ గ్రంథి వాపు, వచ్చిన కుక్కకి మాత్రం డాక్టర్‌ని అడగకుండా చుక్క కూడా పోయొద్దు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎక్కువ మోతాదు ఫిష్ ఆయిల్ రక్తంలో ప్లేట్‌లెట్ల పనిని కొంత మందగింపజేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి ఇది సమస్య కాదు. కానీ పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. అదే జబ్బు కీళ్ల వాపుని, కుంటడాన్ని కూడా తెస్తుంది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన ఈ రెండు నెలల కుంటడం అంతా దాని వల్లేనని చెప్పలేం. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు కనిపించి ఉంటే, మందకొడిగా ఉంటే, మేత తగ్గితే, ముందు రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడండి. చిగుళ్ల మీద ఎర్రటి చుక్కలు గానీ ముక్కు నుంచి రక్తం గానీ కనిపిస్తే ఫిష్ ఆయిల్ ఆ రోజే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆపరేషన్ ఏదైనా అనుకుంటున్నప్పుడు కూడా ఫిష్ ఆయిల్ ఇస్తున్న సంగతి ముందే చెప్పాలి.

కాడ్ లివర్ ఆయిల్ వేరు, ఫిష్ ఆయిల్ వేరు. మెడికల్ షాపులో ఫిష్ ఆయిల్ అడిగితే పసుపు పచ్చని చిన్న గోలీలు చేతిలో పెడుతుంటారు. అవి చేప కాలేయం నూనె. వాటిలో విటమిన్ ఏ, డి ఉంటాయి, ఈపీఏ, డీహెచ్ఏ తక్కువ. కీళ్ల మోతాదు అందాలని అవి గుప్పెడు వేస్తే విటమిన్ డి ఎక్కువై రక్తంలో కాల్షియం పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. దాహం, మూత్రం ఎక్కువవడం, వాంతులు, మేత మానేయడం దాని లక్షణాలు. లేబుల్ మీద విటమిన్ ఏ, డి యూనిట్లు రాసి ఉంటే ఆ సీసా ఈ పనికి వద్దు.

అవిసె నూనె, అవిసె గింజల పొడి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. అందులో ఉన్న ఒమేగా 3 వేరే రకం. కుక్క శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది చాలా తక్కువ, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. చర్మానికి కొంత మెరుపు వస్తుందేమో గానీ కీళ్లకి లెక్కలోకి రాదు.

నూనె పాడైందో లేదో చూడటం తేలిక. నెలకోసారి ఒక మాత్రని సూదితో గుచ్చి, నూనె వేలికి రాసుకుని వాసన చూడండి. తాజా నూనెకి తేలికపాటి చేప వాసన ఉంటుంది. పాత రంగు డబ్బా వాసనో, మాడిన నూనె వాసనో ముక్కుకి ఘాటుగా తగిలితే అది ఆక్సీకరణం చెందిందని అర్థం. అలాంటి నూనె పనికిరాకపోవడమే గాక వాపుని పెంచే వైపు వెళ్తుంది. మే నెలలో డెలివరీ బండిలో రోజంతా తిరిగిన సీసాకి ఇది మామూలే. సీసా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. పంపు సీసా అయితే నెలా నెలన్నరలో అయిపోయేంత చిన్నది కొనండి.

చేపే పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు, తీర ప్రాంతంలో ఉంటే అదే చవక. కవళ్లు, అంటే సార్డిన్ చేపలు, వంద గ్రాములకి సుమారు ఒక గ్రాము ఈపీఏ, డీహెచ్ఏ ఇస్తాయి. చేప ఎంత కొవ్వు పట్టి ఉందో దాన్ని బట్టి అది పెరగనూ తగ్గనూ వచ్చు. ఉప్పూ కారం లేకుండా, పొట్ట శుభ్రం చేసి, కొద్ది నీళ్లు పోసి కుక్కర్‌లో ఎముక వేలితో నలిగేంత మెత్తగా ఉడికించండి. ఆ నీళ్లలోకి నూనె దిగుతుంది కాబట్టి పారబోయకుండా అన్నంలోనే కలపండి. వేపుడు వద్దు. ఎండు చేపల్లో ఉప్పు విపరీతంగా ఉంటుంది, అవి అసలే వద్దు. పచ్చి చేప కూడా పెట్టొద్దు.

చర్మం సంగతి ఒక్క మాట. అలర్జీతో అదేపనిగా గోక్కునే కుక్కకి కూడా ఫిష్ ఆయిల్ ఉపయోగపడుతుంది, అక్కడ లెక్కలో 310 బదులు 125, అంటే ఇదే బరువుకి 1600 మిల్లీగ్రాములు. దురద పూర్తిగా పోతుందని ఆశించొద్దు. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ లాంటి మందుల మోతాదు తగ్గించడానికి సాయపడుతుంది.

ఇక గ్లూకోసమైన్. మృదులాస్థి తయారీకి శరీరం వాడుకునే ముడిసరుకు ఇది, కాబట్టి నోటి ద్వారా ఇస్తే అరిగిన కీలు మళ్లీ కట్టుకుంటుందని దాని వెనక ఉన్న వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కుక్కల్లో కొలిచి చూస్తే నోట్లో పోసిన గ్లూకోసమైన్‌లో రక్తంలోకి చేరింది సుమారు 12 శాతమే. దానితో కలిపి అమ్మే కాండ్రాయిటిన్ అంతకన్నా తక్కువ. పోనీ అంత కొద్దిగానైనా పనిచేస్తుందా అంటే, 2007లో 35 కుక్కల మీద వచ్చిన ఒక ట్రయల్ పనిచేస్తుందని చెప్పింది, పెట్ షాపుల కరపత్రాల వెనక ఉన్నది చాలావరకు ఇదే. 70వ రోజుకి నొప్పి తగ్గిందని డాక్టర్లు మార్కులు వేశారు. కానీ ఆ ట్రయల్‌లో మందు లేని ఉత్త మాత్ర తిన్న కుక్కల గుంపే లేదు, గ్లూకోసమైన్‌ని కార్ప్రొఫెన్‌తో మాత్రమే పోల్చారు. ఉత్త మాత్రతో పోల్చి, పలక మీద నడిపించి కొలిచిన తర్వాతి ట్రయల్‌లో కార్ప్రొఫెన్ తేడా చూపింది, గ్లూకోసమైన్ చూపలేదు. 2022లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ బృందం కుక్కలు, పిల్లుల మీద అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి బేరీజు వేసింది. ఒమేగా 3కి నొప్పి తగ్గించే గుణం స్పష్టంగా ఉందని, గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జంటని ఇక నొప్పికి సిఫారసు చేయకూడదని తేల్చింది. అదే సమీక్షలో కొల్లాజెన్ మాత్రలకి దొరికిన ఆధారం బలహీనమే.

మరి "మా కుక్క గ్లూకోసమైన్‌తో లేచి పరుగెత్తిందండీ" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు, వాళ్లకి నిజంగానే అలా కనిపిస్తుంది. 2012లో ఉత్త మాత్ర తిన్న కుక్కల్నే తీసుకుని, యజమాని చెప్పినదాన్ని పలక కొలతతో పక్కపక్కన పెట్టి చూశారు. కాలు ఏమీ బాగుపడకపోయినా బాగుపడిందని యజమానులు చెప్పిన సందర్భాలు దాదాపు నూటికి నలభై. డాక్టర్లు కూడా ఇందులో తక్కువ తినలేదు. దీనికి తోడు కీళ్ల నొప్పి ఒకే తీరుగా ఉండదు, కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది. మనం సీసా కొనేది బాగా పెరిగిన వారంలో. తర్వాత అది దానంతటది తగ్గినా పేరు సీసాకి వస్తుంది.

గ్లూకోసమైన్ వల్ల పెద్ద హాని లేదు కదా, ఇస్తే పోయేదేముంది అంటారా? రెండు చోట్ల ప్రాణం మీదికి రావచ్చు. మనుషుల కీళ్ల మాత్రల్లో కొన్నింటిలో గ్లూకోసమైన్‌తోపాటు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందు కలిపి ఉంటుంది. అవి కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీల్ని పాడుచేస్తాయి. నమిలే తీపి రకాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు. అది కుక్కకి అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయేలా చేసే విషం. ఇవి కాక ఎప్పుడూ జరిగే నష్టం ఒకటుంది: సిరప్ ఇస్తున్నాం కదా అనే ధీమాతో అసలైన నొప్పి మందు నెలల తరబడి వాయిదా పడుతుంది, ఆలోగా కుక్క కాలు వాడటం తగ్గించి తొడ కండ పోగొట్టుకుంటుంది. రాకీకి ఇప్పుడు రోజూ నొప్పి ఉంది. కిడ్నీ, లివర్ రక్తపరీక్ష చేయించి, మెలోక్సికామ్ గానీ కార్ప్రొఫెన్ గానీ కొన్ని వారాలు ఇవ్వాలా అని డాక్టర్ గారిని ఈ వారమే అడగండి. ఫిష్ ఆయిల్ పట్టు దొరకడానికి పట్టే రెండు మూడు నెలల్ని ఆ మందు దాటిస్తుంది.

బరువు. కీళ్లు అరిగిన లావు కుక్కల్లో ఆరు శాతం బరువు తగ్గేసరికే కుంటడంలో కొలవగలిగిన మార్పు వచ్చిందని 2010లో తేలింది. రాకీకి ఆరు శాతమంటే 2.3 కిలోలు. వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం తగ్గించవచ్చు కాబట్టి మూడు నుంచి ఆరు వారాల పని. 30 కిలోల లక్ష్యానికి రోజుకి సుమారు 900 కేలరీలతో మొదలుపెట్టవచ్చు. ఒక కప్పు వండిన అన్నం 200. రెండు పూటలా అన్నం, కోడి, మధ్యలో బిస్కెట్లు, రొట్టె ముక్కలు కలిపితే ఇప్పుడు ఎంత పోతోందో మీరే లెక్కేసుకోండి. అయితే ఇంటి అన్నాన్నే సగానికి తగ్గిస్తే మాంసకృత్తులూ ఖనిజాలూ కూడా సగమైపోతాయి. అందుకని బరువు తగ్గించడానికి చేసిన డ్రై ఫుడ్‌ని వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచి పెట్టడం మేలు. కప్పుతో కొలిస్తే ఒక్కో చేయి ఒక్కోలా నింపుతుంది.

ఇంట్లో గ్రానైట్ లేదా టైల్స్ నేల అయితే పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా రబ్బరు అడుగున్న పట్టాలు పరవండి. లేచేటప్పుడు వెనక కాళ్లు పక్కలకి జారడం అరిగిన తుంటికి రోజూ తగిలే దెబ్బ.

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా. కడుపు బాగానే ఉన్న కుక్కకి రోజూ ప్రోబయోటిక్ ఇస్తే కీళ్లకి మేలని గానీ, ఇమ్యూనిటీ పెరుగుతుందని గానీ నమ్మడానికి తగిన ఆధారం లేదు. అది పనికొచ్చేది హఠాత్తుగా పట్టిన మామూలు విరేచనాలకి, అక్కడ కూడా లాభం కొద్దిగానే. 2019లో 148 కుక్కల మీద జరిగిన ట్రయల్‌లో ప్రోబయోటిక్ పేస్టు ఇచ్చినవాటికి విరేచనాలు సుమారు 32 గంటల్లో ఆగాయి, ఉత్త పేస్టు ఇచ్చినవాటికి 47 గంటలు పట్టింది. ఆ పేస్టులో బ్యాక్టీరియాతోపాటు కేయోలిన్ మట్టి, పెక్టిన్ కూడా ఉన్నాయి, కాబట్టి ఘనత అంతా బ్యాక్టీరియాదే అనలేం. పదిహేను గంటలు ముందుగా ఆగడం రాత్రంతా కుక్కని బయటికి తిప్పేవాళ్లకి చిన్న విషయం కాదు. కానీ ఇవ్వకపోయినా అవి ఆగాయన్నది కూడా అంతే నిజం.

కొనేటప్పుడు పొడి ప్యాకెట్ మీద మూడు చూడండి. బ్యాక్టీరియా పూర్తి పేరు, స్ట్రెయిన్ అంటే ఉపరకం గుర్తుతో సహా ఉండాలి. ఉదాహరణకి ఎంటెరోకాకస్ ఫీషియం అని ఊరికే రాస్తే చాలదు, పక్కన ఎస్‌ఎఫ్68 లాంటి గుర్తు ఉండాలి. ఎన్ని బతికున్న కణాలో అంకె ఉండాలి. ఆ అంకె గడువు తేదీ దాకా హామీ ఇచ్చినదై ఉండాలి, తయారీ నాటిదైతే దుకాణంలో ఎండకి ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. కెనడాలో పెట్ ప్రోబయోటిక్‌ల్ని ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు ఎక్కువ భాగం లేబుల్ మీద రాసిన సంఖ్యని అందుకోలేదు. అది చల్లటి దేశం సంగతి. మన రోహిణి కార్తెలో ఏసీ లేని దుకాణపు అటక మీది పొడిని ఊహించుకోండి. యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, లేదంటే ఆ మందే ఈ బ్యాక్టీరియాని చంపేస్తుంది.

పెరుగన్నం పడే కుక్కకి పెట్టుకోండి, అది మంచి ఆహారమే. మందుగా లెక్కేయొద్దు, ఇంటి పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో తోడుని బట్టి మారుతుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి వాంతులు, రక్తంతో విరేచనాలు అయితే పెరుగు, పొడి అంటూ గంటలు పోగొట్టకండి. అది పార్వో వైరస్ జబ్బు కావచ్చు, వెంటనే సెలైన్ పడాలి.

అడగలేదు గానీ కాల్షియం సిరప్ గురించి కూడా చెప్పాలి, గ్లూకోసమైన్ పక్కనే అదీ అంటగడతారు కాబట్టి. ప్యాకెట్ డ్రై ఫుడ్ సరిపడా తినే కుక్కకి అది అక్కర్లేదు. గ్రేట్ డేన్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకి ఆరు నెలలలోపు పోస్తే హాని కూడా, ఎందుకంటే ఆ వయసులో పేగులు అదనపు కాల్షియంని ఆపలేవు, ఎముకల ఎదుగుదల వంకర తిరుగుతుంది. దీనికి విరుద్ధంగా, ఏళ్ల తరబడి ఎముకలేని కోడీ అన్నమే తినే కుక్కకి కాల్షియం నిజంగా తక్కువే అవుతుంది. అక్కడ ఖనిజాల మిశ్రమం దండగ కాదు, మోతాదు డాక్టర్ దగ్గర రాయించుకోవాలి.

ఇప్పుడు మీ నాలుగు వేలు. 840 రకం మాత్రలు రోజుకి ఐదంటే పైన చెప్పిన ధరకి నెలకి 3750 అవుతుంది, బడ్జెట్ మొత్తం దానికే. బదులుగా రోజుకి మూడు మాత్రలు, 2500 మిల్లీగ్రాములు, నెలకి 2250 రూపాయలు. దానికి తోడు వంద గ్రాముల ఉడికించిన కవళ్లు, ఇంకో వెయ్యి మిల్లీగ్రాములు. మొత్తం 3500 మిల్లీగ్రాములు, లక్ష్యానికి దగ్గరే. చేపకి 180 కేలరీలు, మాత్రలకి 27 అనుకుని, ఆ రెండు వందల పైచిలుకుని 900లోంచి తీసేసి మిగిలినదే డ్రై ఫుడ్‌గా తూచండి. మిగిలే 1750 చేపలకి, మొదటి నెల రక్తపరీక్షకి, తర్వాత నొప్పి మందుకి, పట్టాలకి సర్దుకోవచ్చు.

పనిచేస్తోందో లేదో తెలియాలంటే అన్నీ ఒకేరోజు మార్చకండి. ముందు నొప్పి మందు, మేత కొలత మొదలుపెట్టి మూడు నాలుగు వారాలు స్థిరపడనివ్వండి, తర్వాత ఫిష్ ఆయిల్. అది మొదలుపెట్టే రోజున పొద్దున రాకీ పడుకున్న చోటు నుంచి లేస్తుండగా ఫోన్‌తో వీడియో తీయండి. తర్వాత ఒకే వరండాలో పది మీటర్లు మామూలు నడకతో, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీయండి. ఇదే 30, 60, 90వ రోజుల్లో, అదే సమయంలో, అదే చోట. 90వ రోజున తేదీలు కనిపించకుండా, వరస కలిపేసి, ఇంట్లో మందుల సంగతి తెలియని వాళ్లెవరికైనా చూపించి ఏది మెరుగ్గా ఉందో చెప్పమనండి. ఏ వీడియో ఏ రోజుదో తెలిసిన మీ కన్ను ఈ పనికి పనికిరాదు. వాళ్లు 90వ రోజుదాన్నే ఎంచితే, బరువు తగ్గిన ప్రభావమెంతో తేలడానికి ఒక నెల ఫిష్ ఆయిల్ ఆపి మళ్లీ తీయండి. ఆపినా నడక అలాగే ఉంటే ఆ 2250 మళ్లీ ఖర్చు పెట్టక్కర్లేదు. బిగుసుకుపోవడం తిరిగి వస్తే మళ్లీ మొదలుపెట్టి కొనసాగించండి.